దాచుకున్న ఊపిరి

మామగారి మంచాన్ని మేడ మీంచి దించాలన్న మాట ఆ ఇంట్లో వారం నుంచీ నలుగుతూనే ఉంది. ఆ ఉదయానికి అది పరుపు దాకా వచ్చింది.

"పరుపు దింపించేశాను. ఇక పైన మిగిలింది చెక్క. దాని మీద పడుకుంటారో, కింద హాయిగా పడుకుంటారో మీ ఇష్టం," అంది అత్తగారు, నారింజపండు ఒలుస్తూ.

"చెక్క మీద పడుకుంటే నడుముకు మంచిదట," అన్నారు మామగారు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో ఒకరు చెప్పే ఉంటారు."

మనవరాలు చిట్టి కిసుక్కున నవ్వింది. కొడుకు మాత్రం తల ఎత్తలేదు. అమ్మా నాన్నల మధ్య మాట పడితే ఎవరి వైపు చూసినా ప్రమాదమేనని అతనికి చిన్నప్పుడే తెలుసు.

మామగారు రిటైరయ్యేదాకా బడిలో బ్యాండు నేర్పారు. బయట అందరికీ ఆయన 'మాస్టారు'. ఇప్పటికీ సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు పిల్లలు క్లారినెట్ నేర్చుకోవడానికి వస్తారు. వాయిద్యం పై గదిలో ఉంటుంది, మంచం కూడా అక్కడే. ఆ గదికి మెట్లెక్కేటప్పుడు ఆయన ఈమధ్య మలుపు దగ్గర ఆగి, కిటికీలోంచి వీధిని చూస్తున్నట్టు నిలబడుతున్నారు.

"ఆ వీధిలో ఏముందని అంతసేపు చూస్తారు? రోజూ అవే గోడలు, అవే స్కూటర్లు," అంది అత్తగారు. "ఆయాసం అని ఒప్పుకుంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"ఆయాసం కాదే, ఆసక్తి." అని ఆయన నవ్వబోయారు. నవ్వు పొడి దగ్గులోకి తిరిగింది. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

"మంచం దిగితే వాయిద్యం దిగుతుంది," అన్నారు చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. "వాయిద్యం దిగితే మీ సీరియళ్ళ మధ్య దాన్ని ఎక్కడ ఊదమంటావు? అసలు సంగతి అది. మీ అందరికీ అది ఆగిపోవాలి."

"వాయిద్యాన్ని నేనేమన్నా అన్నానా? అమ్మాయ్, నువ్వు విన్నావుగా, నేనేమన్నా అన్నానా?"

అమ్మాయ్ అంటే కోడలు. ఆమె ఒక ఆస్పత్రిలో స్కానులు చదివే డాక్టరు. రోజంతా చీకటిగదిలో కూర్చుని, ఎవరెవరి ఊపిరితిత్తులో, కాలేయాలో తెర మీద చూసి, ఏముందో రాయడం ఆమె ఉద్యోగం. మామగారి స్కాన్ మాత్రం ఆమె చూడలేదు. ఇంటివాళ్ళ బొమ్మలు ఇంకొకరే చదవాలన్నది వాళ్ళ గదిలో అందరూ పాటించే పద్ధతి. తోటి డాక్టరు చదివి రాసిన రిపోర్టు ఆమె సంచిలో ఉంది. దాని ప్రకారం ఊపిరితిత్తుల్లో మచ్చలు కడుతున్నాయి. కారణం తెలియని రకం కావచ్చు. రేపు ఊపిరితిత్తుల డాక్టరు మందు మొదలుపెడుతుంది.

కారణం తెలియని రకం అంటే ఏమిటో ఆమె ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పలేదు. ఆ మందు మచ్చల నడక తగ్గిస్తుందే గాని ఆపదు. కొన్నేళ్ళకు మెట్లే కాదు, మంచం నుంచి కుర్చీకి రావడం కూడా ఒక ప్రయాణమవుతుంది.

"విన్నాను అత్తయ్యా. మీరు వాయిద్యాన్ని ఏమీ అనలేదు," అంది ఆమె. "మామయ్యగారూ, పరుపు ఇవాళ్టికి కింద ఉండనివ్వండి. రేపు డాక్టరమ్మ ఏం చెబుతుందో చూద్దాం."

అత్తగారు తొక్కలు పోగుచేసి లేవబోతుంటే మామగారు చేయి చాపి ఒక తొక్క తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నారు. రోజూ జరిగేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

*

చీకటిగదిలో పని తెమిలాక ఆమె చేయకూడదనుకున్న పనే చేసింది. మామగారి స్కాన్ తెరిచింది.

ఈ రకం స్కాన్‌లో ఊపిరితిత్తిని మిల్లీమీటరు మందాన పలచటి పొరలుగా కోసినట్టు చూపిస్తారు. మామూలు ఎక్స్‌రేలో పొగమంచులా కనిపించేది ఇందులో దారం దారంగా విడిపోతుంది. ఆమె చేయి తిన్నగా కిందికి పోయింది. కారణం తెలియని మచ్చలు ఊపిరితిత్తుల అడుగున, అంచుల వెంబడి మొదలవుతాయి కాబట్టి, అవి అక్కడ లేకుండా ఉంటే బాగుండునని. ఉన్నాయి. అల్లికలా సన్నటి గీతలు, మచ్చలు లాగడం వల్ల వంకరపోయి వెడల్పయిన చిన్న గాలిగొట్టాలు. రిపోర్టులో రాసినవన్నీ ఉన్నాయి.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఉదయం నుంచీ గుండెలో పెట్టుకున్న రాయి అక్కడే ఉంది.

అప్పుడు సిగ్గేసింది. జూనియర్లకు మొదటి రోజే చెప్పే మాట, ముందు బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో చూడండి, జబ్బు సంగతి తర్వాత. తనే దాన్ని దాటేసి భయం ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పరుగెత్తింది. మళ్ళీ పై నుంచి మొదలుపెట్టింది.

ఈసారి తాపీగా చూస్తే బొమ్మ కాస్త వేరుగా అనిపించింది. గీతలు అడుగున మాత్రమే లేవు. మధ్యలోనూ ఉన్నాయి, పై భాగంలో కూడా కొంచెం. కొన్ని అంచులు వదిలి గాలిగొట్టాల వెంబడి ఉన్నాయి. మధ్యమధ్యలో కొన్ని గళ్ళు చుట్టుపక్కల కంటే నల్లగా ఉన్నాయేమోనని అనుమానం. స్కాన్‌లో గాలి నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు లోపల చిక్కుకుపోయిన గాలే అయితే చిన్న చిన్న గొట్టాల్లో వాపు ఉందన్నమాట. అలాంటి వాపు తరచుగా మనిషి పీలుస్తున్న దేనివల్లో వస్తుంది. పక్షి ఈకల దుమ్ము, బూజు, అలాంటివి. అంటే కారణం ఉన్న జబ్బు. కారణాన్ని తీసేయగలిగితే జబ్బు నడక మారవచ్చు.

ఆ సంగతి తేల్చడానికే ఇంకో వరుస బొమ్మలు తీస్తారు. ఊపిరి పూర్తిగా వదిలేయమని చెప్పి తీసేవి. గాలి బయటికి పోయిన చోటు బూడిదరంగుకు తిరుగుతుంది, చిక్కుకున్న చోటు నల్లగానే మిగిలిపోతుంది. రిపోర్టులో స్పష్టంగా రాసి ఉంది, 'ఊపిరి వదిలినప్పటి బొమ్మల్లో గాలి చిక్కుకున్న ఆనవాలు లేదు' అని. ఆ ఒక్క వాక్యమే మామగారిని కారణం తెలియని వరుసలో నిలబెట్టింది.

ఆమె ఆ బొమ్మలు తెరిచింది. నిజమే, నల్లటి గళ్ళు విడిగా లేవు. కానీ బూడిదరంగు కూడా ఎక్కడా లేదు. గొంతు కింద పెద్ద శ్వాసనాళం దగ్గర ఆమె చేయి ఆగింది. మనిషి ఊపిరి గట్టిగా వదిలితే ఆ నాళం వెనక గోడ మెత్తగా లోపలికి వంగి, గుండ్రటి నాళం నెలవంకలా మారుతుంది. మామగారి నాళం గుండ్రంగా, నిండుగా ఉంది. ఊపిరి పీల్చినప్పుడు ఎలా ఉందో అలాగే.

ఆయన ఊపిరి వదలనే లేదు.

ఆమె ఫోను తీసి తోటి డాక్టరును పిలిచింది. అతను వచ్చి, తెర మీదికి వంగి చూసి, నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. "అయ్యో. నాళం వైపు చూడనే లేదండీ నేను."

"నేను కూడా చూడకుండానే నమ్మేశాను," అంది ఆమె. "ఊపిరి వదిలినప్పటి ఆ బొమ్మలు మళ్ళీ తీద్దాం. తీశాక చదవడం మీరే చదవండి."

*

మర్నాడు మామగారు మెషీను బల్ల మీద పడుకుని చాలా నొచ్చుకున్నారు.

"వదలలేదంటావేమిటమ్మాయ్? వదలమన్నారు, వదిలాను. ఆపమన్నారు, ఆపాను. ఇంత క్రమశిక్షణ గల పేషెంటు మీకు దొరకడు."

"ఎంత వదిలారు మామయ్యగారూ?"

"వదలాల్సినంత."

"మీ శిష్యులకు ఎంత వదలమని చెప్తారు?"

"మొత్తం ఎవడు వదులుతాడు? వాక్యం అయిపోయినా లోపల కొంచెం మిగలాలి. అడుగంటా ఊదేస్తే తర్వాతి స్వరానికి ఏముంటుంది? ఎప్పుడూ లోపల..." అని ఆయన ఆగిపోయారు. అద్దం అవతల నిలబడ్డ కోడలి ముఖం చూశారు. "అదా సంగతి!"

"అదే. అలవాటు కొద్దీ మీకు తెలియకుండానే దాచుకున్నారు."

"అలవాటు కాదు. చదువది."

"సరే, చదువే. ఇవాళ ఒక్కసారి ఆ చదువు పక్కన పెట్టండి. పాట అయిపోయింది. ఇంకో స్వరం లేదు, ఇంకో చరణం లేదు. హాల్లో జనం లేచి వెళ్ళిపోతున్నారు. అడుగున ఉన్నది కూడా వదిలేయండి."

"జనం చప్పట్లు కొట్టకుండా వెళ్తున్నారా?"

"కొట్టే వెళ్తున్నారు."

"అయితే సరే."

బల్ల లోపలికి జరిగింది. మైకులోంచి ఆమె మాట, తర్వాత ఆయన వదులుతున్న ఊపిరి, పొడుగ్గా, సన్నగా. ఆగిందనుకున్న చోట ఆమె, "ఇంకా, ఇంకా, ఇంకొంచెం," అంది. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ చివరి కొంచెం వదలడం ఆయనకు ఎంత అయిష్టమో అద్దం ఇవతలికి కూడా తెలిసింది.

ఈసారి శ్వాసనాళం వెనక గోడ వంగింది. నెలవంక. ఊపిరితిత్తుల నిండా బూడిదరంగు పరుచుకుంది. ఆ బూడిదలో, వాన పడ్డాక కూడా తడవని పలకల్లా, నల్లటి గళ్ళు అక్కడక్కడా విడిగా మిగిలిపోయాయి. మూడు ఛాయలు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. గాలి చిక్కుకున్న నలుపు, మామూలు ఊపిరితిత్తి, వాపుతో మసకబారిన తెలుపు. తోటి డాక్టరు పెన్ను పక్కన పెట్టి, "ఇది పీల్చినదాని వల్ల వచ్చిన వాపేనండీ, మచ్చలు ఆ తర్వాత కట్టాయి. ఇలాంటి బొమ్మకు వేరే పేరు పెట్టడం కష్టం," అన్నాడు. "కానీ ఏం పీలుస్తున్నారు?"

*

ఊపిరితిత్తుల డాక్టరు కోడలికి కాలేజీలో జూనియరు, ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది. మందు చీటీ రాయబోయి ఆపేసింది.

"మంచిపనే జరిగింది అక్కా. ఒకదానికిచ్చే మందు రెండోదానికి చేటు చేయొచ్చు. కానీ పేరు మారితే సగం పనే అయినట్టు. కారణం దొరక్కపోతే మందు ఎంత పోసినా ఫలం తక్కువ." తర్వాత మామగారి వైపు తిరిగింది. "మాస్టారూ, మళ్ళీ మొదటి నుంచి అడుగుతాను. విసుక్కోకండి."

"పరీక్షలు పెట్టినవాణ్ణే. అడగండి."

ఇంట్లో పావురాలు గాని చిలకలు గాని ఉన్నాయా అని అడిగింది. ఈకల దిండ్లు, ఈకల దుప్పట్లు? గోడల మీద చెమ్మ, బూజు? నీళ్ళ కూలరు? ఏ ఫ్యాక్టరీలోనైనా, గోదాములోనైనా పనిచేశారా? పొగ తాగారా? గుండె మందులు, కీళ్ళ మందులు ఏమైనా వాడారా? పొద్దున్నే కీళ్ళు బిగుసుకుంటాయా, కళ్ళు పొడిబారతాయా, చలికి వేళ్ళు తెల్లబడతాయా? అన్నిటికీ లేదు. కీళ్ళ వాతం పరీక్షలు కూడా ఏమీ లేదనే చెప్పాయి.

"లేదు లేదు అని చెప్పి నాకే మొహమాటంగా ఉంది," అన్నారు మామగారు. "ఒకదానికైనా ఉందనాల్సింది."

"పోనీ, ఈ ఏడాదిలో ఎప్పుడైనా తేలిగ్గా అనిపించిందా? ఊరెళ్ళినప్పుడో, ఇంకెప్పుడో?"

"లేదు," అన్నారాయన.

"ఎందుకు లేదు?" అంది అత్తగారు. అప్పటిదాకా గోడ పక్క కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఎండాకాలంలో గదికి రంగు వేయించినప్పుడు? పొద్దస్తమానం పైకీ కిందికీ తిరిగారు. మేడ మీద నిలబడి రంగులవాళ్ళ మీద అరిచారు. దగ్గు కూడా లేదు. నేను చూశాను."

"అది సంతోషం వల్ల. అరవడానికి మనుషులు దొరికారు."

"రంగు వాసనకు దగ్గు పెరగాలి గాని తగ్గడమేమిటి?" అంది డాక్టరు. "అప్పుడు ఇంట్లో ఇంకేం మారింది?"

"ఏమీ మారలేదు," అంది అత్తగారు ఆలోచిస్తూ. "గది ఖాళీ చేశాం. క్లారినెట్‌ను బాగుచేయించడానికి ఇచ్చారు. మీటల కింది మెత్తలు మార్చాలని ఆ బాగుచేసేవాడు వారాల తరబడి ఉంచుకున్నాడు. ఇల్లంతా నిశ్శబ్దం. అప్పుడే నాకు..." ఆమె మాట మధ్యలో ఆపి భర్త వైపు చూసింది.

మామగారు ఎవరి వైపూ చూడలేదు.

"వాయిద్యం గురించి నేను అడగలేదు," అంది డాక్టరు నెమ్మదిగా. "నా ప్రశ్నల్లో అది లేదు."

*

ఇంటికి రాగానే కోడలు పై గదికి వెళ్ళింది. మామగారు ఆమె వెనకే వచ్చారు. మలుపు దగ్గర ఆగారు గాని ఈసారి కిటికీలోంచి చూడలేదు.

పెట్టె ఆయనే తెరిచారు. లోపల నీలం మఖమలు, నల్లటి కర్ర ముక్కలు, వేళ్ళతో నొక్కే వెండి మీటలు. ఎండిన ఆకుల కింద మట్టిలాంటి వాసన, దాని మీద నారింజ వాసన. మూలన ఒక తొక్క, దాని కింద ఇంకో తొక్క, అడుగున బూడిదరంగు నూగు పట్టిన మరొకటి. తుడిచే గుడ్డ మడతపెట్టి ఉంది. పట్టుకుంటే ఇంకా తడిగా ఉంది.

"తొక్క ఎందుకు మామయ్యగారూ?"

"కర్ర ఎండిపోతే పగులుతుంది. తొక్కలో చెమ్మ ఉంటుంది. మా గురువుగారు అలాగే చేసేవారు, నేనూ అలాగే చేస్తున్నాను."

"లోపల కడిగేది లేదా?"

"నీళ్ళు తగిలితే స్వరం పోతుంది." ఆయన ఊదే ముక్కను తీసి వెలుతురులో పెట్టి చూశారు. లోపలి గోడకు పలచగా ఏదో అంటుకుని ఉంది. ఇన్నేళ్ళూ పెదవులు పెట్టుకున్న చోటే. ఆయన దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టలేదు. కోడలు చాపిన ప్లాస్టిక్ సంచిలో వేశారు.

ఊదుతుంటే గాలి బయటికి పోతుంది కదా, లోపలికి ఎలా వస్తుందని ఆ సాయంత్రం కొడుకు అడిగాడు. "ఊదే ముందు పీలుస్తారు కదా," అంది భార్య. "పెదవులు తీయకుండా, గబుక్కున, బలంగా. మళ్ళీ మళ్ళీ."

ఫలితాలు ఒక్కొక్కటే వచ్చాయి. క్లారినెట్ లోపలి నుంచి తీసిన నమూనాలో బూజు పెరిగింది. రక్తంలో అదే బూజుకు వ్యతిరేకంగా పనిచేసే పదార్థం ఎక్కువగా ఉంది. అది ఒక్కటే అయితే బూజు తగిలిందని మాత్రమే అర్థం, జబ్బని కాదు అని డాక్టరు ముందే హెచ్చరించింది. కానీ ఊపిరితిత్తిలో కొంచెం నీళ్ళు పోసి వెనక్కి తీసి చూస్తే, ఇలాంటి వాపులో పెరిగే కణాలు బాగా ఉన్నాయి. స్కాన్ ఆ మాటే చెబుతోంది. ఎండాకాలం సంగతీ అదే. డాక్టర్లందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని బొమ్మలు ముందు పెట్టుకుని మాట్లాడుకుని, రిపోర్టులో జబ్బు పేరు మార్చారు. ఆ బల్ల దగ్గర కోడలు కూర్చోలేదు. బయట వరండాలో అత్తగారి పక్కన కూర్చుంది.

డాక్టరు మామగారికి ఏదీ దాచకుండా చెప్పింది. "కట్టిన మచ్చలు పోవు మాస్టారూ. వాపు ఉన్నంత మేర తగ్గొచ్చు, దానికి కొన్నాళ్ళు మందిస్తాను. అయినా కొందరిలో మచ్చలు పెరుగుతూనే ఉంటాయి. అందుకని చూస్తూ ఉండాలి. వాయిద్యం మాటంటారా, బాగా శుభ్రం చేయించి మళ్ళీ ఊదినవాళ్ళు ఉన్నారు. మీకు ఇప్పటికే మచ్చలున్నాయి. కర్ర సందుల్లో కొంచెం మిగిలినా మీకు అది చాలు. మానేయమని నేను ఆజ్ఞ ఇవ్వలేను. ఇస్తే మాత్రం అదే ఇస్తాను."

ఇల్లు చేరాక అత్తగారు ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ సాయం పిలవకుండా, పరుపును ఒక చివర పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చడం మొదలుపెట్టింది. కోడలు పరుగెత్తి రెండో చివర పట్టుకుంది.

"పైకెందుకు అత్తయ్యా?"

"ఆయన గది అది," అంది అత్తగారు. పరుపును ఇంకో మెట్టు పైకి లాగింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు పై గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. శిష్యులకు సెలవన్నారు. పెట్టె మూసే ఉంది. చిట్టి ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి, "తాతా, నేను పెద్దయ్యాక అది నాకే అన్నావు కదా," అంది. ఆయన దాని నెత్తి మీద చేయి వేసి, "అన్నాను," అన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. మామగారు పై నుంచి దిగి వచ్చారు. చేతిలో పెట్టె ఉంది. దాన్ని టేబులు మీద కాకుండా గుమ్మం పక్కన నేల మీద పెట్టి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. కంచం దగ్గరికి లాక్కున్నారు. అత్తగారు వడ్డించబోయి గరిటె పట్టుకునే నిలబడిపోయింది.

"మంచం పైనే ఉంటుంది," అన్నారాయన. గొంతు పెద్దగా ఏమీ లేదు. "మెట్లు ఎక్కుతాను, మలుపు దగ్గర ఆగుతాను, ఆయాసం వచ్చిందనే చెప్తాను. క్లారినెట్ కిందికి దిగింది. ఇక ఊదను. అది చిట్టికి కూడా ఇవ్వను. దానికి కొత్తది కొనండి, కర్రది వద్దు, కడుక్కోగలిగేది. రేపటి నుంచి పిల్లల్ని రమ్మన్నాను. గదికి ఆ చివర వాళ్ళు వాళ్ళ వాయిద్యాలతో, ఈ చివర నేను. స్వరం నోటితో పాడి చెప్తాను. వాయించాక లోపల కడిగి, ఆరబెట్టి, అప్పుడే ఇళ్ళకు వెళ్ళాలి."

చిట్టి పెట్టె వైపు చూసింది.

"అన్నం పెట్టు," అన్నారు మామగారు భార్యతో.